పిల్లల స్కూల్ అడ్మిషన్ ఇంటర్వ్యూకి ఆఫీసులో ఒక రోజు సెలవు అడగడం ఎలా?

బెంగళూరులో పేరున్న ప్రైవేటు స్కూళ్ళు జూన్‌లో మొదలయ్యే చదువుకి అంతకుముందు చలికాలంలోనే అడ్మిషన్లు నడుపుతాయి. దరఖాస్తు పెట్టాక కొన్ని వారాల పాటు ఏ కబురూ ఉండదు. ఉన్నట్టుండి ఒక రోజు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: ఫలానా తేదీ, ఫలానా టైమ్, తల్లిదండ్రులిద్దరూ పిల్లవాడిని తీసుకుని రావాలి. అది దాదాపుగా పనిరోజే అయి ఉంటుంది, చేతిలో వారమో పది రోజులో ఉంటుంది. ఆ పది రోజుల్లో ఏది ముందు, ఏది తర్వాత చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సెలవు అడిగే వైపూ కూర్చున్నాను, మంజూరు చేసే వైపూ కూర్చున్నాను. రెండో వైపు నుంచి చూస్తేనే చాలా సంగతులు తెలుస్తాయి.

ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుందాం. మారతహళ్ళిలో ఉండే ఒక తెలుగు జంట. ఆయన అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తారు. ఆమె జయనగర్‌లో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో. బాబుకి యూకేజీ సీటు కావాలి. జనవరి 12, సోమవారం సాయంత్రం స్కూల్ నుంచి మెసేజ్ వచ్చింది: 20వ తేదీ మంగళవారం ఉదయం పదిన్నరకి రండి అని. ఈ లోపు సంక్రాంతి. 13 రాత్రి బస్సుకి ఒంగోలు టిక్కెట్లు చేతిలో ఉన్నాయి, తిరిగి వచ్చేది 18 ఆదివారం రాత్రి.

ముందు స్కూల్‌కి ఫోన్, తర్వాతే ఆఫీసుకి

మెసేజ్ రాగానే మేనేజర్‌కి పింగ్ చేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ముందు ఇద్దరి క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి ఆ తేదీని చూడండి.

మన ఉదాహరణలో 20వ తేదీ ఆయనకు కొంచెం ఇబ్బంది, ఆమెకు మాత్రం పెద్ద ఇబ్బంది. ఆయనకు బుధవారం క్లయింట్ డెమో ఉంది, అంటే మంగళవారం దాని ముందు రోజు. ఆమె చూసేది జీఎస్టీ. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారులకు 3బీ అనే జీఎస్టీ రిటర్న్ ఆఖరు తేదీ 20. ఆ రోజు అకౌంట్స్ ఆఫీసులో ఎలా ఉంటుందో పని చేసినవాళ్ళకే తెలుసు. అమ్మకాల లెక్క పదిహేనునే పంపండి అంటే పందొమ్మిది రాత్రి పంపే క్లయింట్లు, మధ్యాహ్నం దాటాక నత్తనడక నడిచే పోర్టల్, ఓటీపీ కోసం ఫోన్ చేస్తే ఎత్తని షాపు యజమాని. ఒక్క రోజు దాటినా ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయల చొప్పున పడుతుంది. రుసుము చిన్నదే, కానీ దాన్ని కట్టాల్సి వచ్చిన క్లయింట్ చేసే గొడవ చిన్నది కాదు. ఆ రోజు సెలవు అడిగితే బాస్ ఇచ్చినా ముఖం మాడ్చుకునే ఇస్తాడు. నిజానికి అందులో ఆయన తప్పు కూడా లేదు.

కాబట్టి మొదటి అడుగు స్కూల్ అడ్మిషన్ ఆఫీసు. మర్నాడు ఉదయమే ఫోన్ చేయండి. లైన్ దొరకకపోతే దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే, అప్లికేషన్ నంబర్ సబ్జెక్ట్‌లో పెట్టి, నాలుగు ముక్కలు రాయండి: "20వ తేదీ మా ఇద్దరిలో ఒకరికి ఆఫీసులో తప్పించుకోలేని చివరి తేదీ పని ఉంది. అదే వారంలో 21 తర్వాత ఏ రోజు, ఏ టైమ్ ఇచ్చినా వస్తాం." ఈ రెండో వాక్యం ముఖ్యం. "వేరే రోజు ఇవ్వగలరా" అని ఊరికే అడిగితే అవతలివాళ్ళు మళ్ళీ మీకు ఫోన్ చేసి ఏ రోజు కావాలని అడగాలి. ఏ రోజైనా సరేనంటే వాళ్ళ పట్టికలో ఖాళీ ఉన్నచోట మీ పేరు రాసేస్తారు. కొన్ని స్కూళ్ళు శనివారం కూడా పిలుస్తాయి, అది ఉందేమో అడగండి. ఒక్కసారే అడగండి. కుదరదంటే వదిలేయండి. రెండోసారి బతిమాలితే సీటు మీదే అనుమానం పెట్టుకుని నెల రోజులు టెన్షన్ పడేది మీరే.

మన జంట అదృష్టం బాగుంది. 22, గురువారం ఉదయం 11 గంటలకి రమ్మన్నారు. అప్పటికి 3బీ గడువూ డెమో కూడా అయిపోతాయి. సెలవు మంజూరయ్యే అవకాశం సగం ఇక్కడే పెరిగింది, ఇంకా ఎవరినీ ఏమీ అడగకుండానే.

పూట సెలవా, రోజంతానా?

మారతహళ్ళి చుట్టుపక్కల స్కూల్, 11 గంటల టైమ్. పన్నెండింటికి అయిపోతుంది, భోంచేసి ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు, పూట సెలవు చాలు అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. రిసెప్షన్‌లో పది కుటుంబాలు మీకంటే ముందు కూర్చుని ఉంటాయి. జనన ధ్రువపత్రం, ఆధార్, టీకాల కార్డు, ఫోటోలు ఒక కౌంటర్లో చూస్తారు. పిల్లవాడిని ఒక గదిలోకి తీసుకెళ్తారు, మిమ్మల్ని ఇంకో గదిలోకి. ప్రిన్సిపాల్ మధ్యలో ఏదో మీటింగ్‌కి లేచి వెళ్తారు. బయటపడేసరికి ఒంటిగంటన్నర. పిల్లవాడిని ఇంటి దగ్గర దింపి, రింగ్ రోడ్డు ఎక్కి ఆఫీసు చేరేసరికి మూడు దాటుతుంది.

పూట సెలవు అడిగి, మధ్యాహ్నం ఒంటిగంటకి "ఇంకా అవలేదు, ఫుల్ డే చేసుకోవచ్చా" అని మెసేజ్ పెట్టడం కంటే మొదటే రోజంతా అడగడం నయం. మంజూరు చేసే మనిషికి ఒక రోజు పోవడం పెద్ద విషయం కాదు. వస్తాడనుకున్న మనిషి రాకపోవడమే ఇబ్బంది, ఎందుకంటే రెండింటి మీటింగ్ మీ మీద నమ్మకంతో పెట్టుకుని ఉంటాడు. స్కూల్ టైమ్ ఉదయం ఎనిమిదిన్నర అయితేనో, మధ్యాహ్నం మూడు అయితేనో పూట సెలవు సరిపోతుంది. పది నుంచి ఒంటిగంట మధ్య అయితే నా సలహా రోజంతా తీసుకోమనే. ఇంటి నుంచి పని అని చెప్పి స్కూల్ వరండాలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కాల్‌లో కూర్చునేవాళ్ళను చూశాను. సరిగ్గా వాళ్ళు మాట్లాడాల్సిన నిమిషంలోనే లోపల నుంచి పిలుపు వస్తుంది.

ఏ సెలవు వాడాలి

పిల్లల అడ్మిషన్ కోసమంటూ చట్టంలో విడిగా సెలవు లేదు. క్యాజువల్ లీవ్ ఉంటే అది, లేకపోతే ఎర్న్‌డ్ లీవ్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పోర్టల్ తెరిస్తే ఏది ఎంత మిగిలిందో కనిపిస్తుంది. చిన్న ఆఫీసుల్లో పోర్టల్ ఉండదు, సెలవుల లెక్క బాస్ తలలోనో ఒక పాత రిజిస్టర్లోనో ఉంటుంది. అలాంటి చోట పనిచేసేవాళ్ళు తమకు సెలవే లేదనుకుంటారు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం, 1961 లోని 15వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో కూడిన సెలవు ఉంది. అనారోగ్యానికో ప్రమాదానికో మాత్రమే కాదు, సరైన కారణం ఏదైనా దానికి వాడుకోవచ్చు. ఈ సంగతి మీ మనసులో పెట్టుకోండి చాలు, బాస్ ముందు సెక్షన్ నంబర్ చదవకండి. అడగకముందే చట్టం ఎత్తితే మాట తేడాగా పోతుంది.

ఒంట్లో బాగాలేదని చెప్పి సిక్ లీవ్ పెట్టడం చాలామందికి సులువైన దారి. ఇందులో నీతి సంగతి అలా ఉంచండి, పని సంగతే చెప్తాను. ఉదయం తొమ్మిదింటికి జ్వరమని మెసేజ్ పెట్టేవాడు ముందు రోజు పని ఎవరికీ అప్పగించలేడు. పైగా అదే ప్రాంతంలో అదే వయసు పిల్లలున్న సహోద్యోగులు అదే స్కూల్ లిస్టులో ఉంటారు. రిసెప్షన్‌లో ఎదురుపడితే ఇద్దరూ దగ్గాల్సి వస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్ళే ముందే అడగాలి

ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేకమైన చిక్కు. బెంగళూరులో సంక్రాంతికి ఒక్క రోజే సెలవు. మనం భోగీ కనుమా కలుపుకుని రెండు రోజులు పెట్టి ఊరెళ్తాం. ఆ రోజుల్లో టీమ్‌లో మిగిలిన కన్నడ, తమిళ, మలయాళం మిత్రులే మన పనీ చూస్తారు. 19 సోమవారం ఆఫీసుకొచ్చి, అరిసెల డబ్బా తెరిచి పెట్టి, "గురువారం మళ్ళీ లీవ్ కావాలి" అంటే కారణం ఎంత సరైనదైనా "మళ్ళీ" అన్న మాటే అవతలివాళ్ళకి వినిపిస్తుంది.

అందుకే స్కూల్ తేదీ ఖాయం కాగానే, 13 మధ్యాహ్నమే, బస్సు ఎక్కేలోపు అడగాలి. అప్పుడు తొమ్మిది రోజుల ముందు అడిగినట్టు. 19న అడిగితే మూడు రోజుల ముందు. సెలవు అదే, కారణం అదే. కానీ మేనేజర్‌కి మీ పని ఎవరికి ఇవ్వాలో చూసుకునే వ్యవధి ఉంటుంది. సంక్రాంతి సెలవు గురించి మీ అంతట మీరు ఎత్తకండి, దానికి సంజాయిషీ ఇవ్వకండి. అది ఎప్పుడో మంజూరైపోయింది. అడిగితే మాత్రం "అవును, ఈ నెలలో ఇది మూడో రోజు" అని సూటిగా చెప్పండి.

ఇంకో చిన్న జాగ్రత్త. సంక్రాంతికి మీ పని చూసిన మనిషినే గురువారం కూడా చూడమని అడగకండి. వేరేవాళ్ళను అడగండి. దానికి బదులు వాళ్ళు ఊరెళ్ళే రోజు మీరు చూస్తానని అప్పుడే మాటివ్వండి.

ఏం రాయాలి, ఏం వదిలేయాలి

ముందు నోటితోనో చాట్‌లోనో అడగండి, సరేనన్నాక పోర్టల్‌లో పెట్టండి. అడగకుండా పోర్టల్‌లో పెడితే మేనేజర్‌కి మీ అభ్యర్థన ఒక ఆటోమేటిక్ మెయిల్‌గా కనిపిస్తుంది, దానికి మర్యాద ఉండదు.

రాసేది నాలుగైదు వాక్యాలు. తేదీ, కారణం ఒక్క ముక్కలో, మీ పని ఏమవుతుంది, అత్యవసరమైతే ఎలా దొరుకుతారు. ఆయన తన మేనేజర్‌కి ఇలా పెట్టొచ్చు. ఇంగ్లీషులో రాసినా ఇదే వరస:

"22వ తేదీ గురువారం ఒక రోజు లీవ్ కావాలి. మా బాబు స్కూల్ అడ్మిషన్ కోసం తల్లిదండ్రులిద్దరినీ రమ్మన్నారు. బుధవారం డెమో తర్వాత వచ్చే మార్పుల లిస్టు ఆ సాయంత్రమే పంపేస్తాను. గురువారం ప్రొడక్షన్‌లో ఏదైనా వస్తే మన టీమ్‌లో ఫలానా మిత్రుడు చూస్తానన్నాడు. మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్‌లో దొరుకుతాను. మీకు ఓకే అయితే పోర్టల్‌లో పెడతాను."

"ఇద్దరినీ" అన్న ఒక్క మాట ఇక్కడ చాలా పని చేస్తుంది. మేనేజర్ నోటి చివర ఉండే ప్రశ్న "మీ మిసెస్ వెళ్ళలేరా" అన్నదే. అది అడగక ముందే జవాబు ఉంది. ఇక ఇందులో లేనివి చూడండి. స్కూల్ పేరు లేదు, అది ఎంత మంచి స్కూలో లేదు, ఎన్ని స్కూళ్ళు తిరిగారో లేదు, ఫీజు గోల లేదు. స్కూల్ పేరు చెప్తే సెలవు సంగతి పక్కకి పోయి, అక్కడ హోంవర్క్ ఎక్కువట, మా అక్కావాళ్ళ పాపని అక్కడి నుంచి మార్పించాం అన్న చర్చ మొదలవుతుంది. ఆ చర్చ టీ దగ్గర పెట్టుకోండి.

స్కూళ్ళు దీన్ని ఇంటర్వ్యూ అని రాయవు, ఇంటరాక్షన్ అంటాయి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అడ్మిషన్‌కి పిల్లలనీ తల్లిదండ్రులనీ వడపోయకూడదని చెప్పడమే దానికి కారణం. అందుకే ఎవరైనా "ఇంటరాక్షనే కదా, ఆన్‌లైన్‌లో అవదా" అనవచ్చు. "స్కూల్ అడ్మిషన్ కోసం రమ్మన్నారు" అని రాస్తే ఆ సందేహం రాదు.

మన చిన్నప్పటి లీవ్ లెటర్ భాష ఒకటుంది. "కావున తమరు దయతో ఒక దినము సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన, ఇట్లు తమ విధేయుడు." దానికి తర్జుమాలాంటి ఇంగ్లీషు మెయిళ్ళు ఇప్పటికీ వస్తుంటాయి. చదివేవాడికి జాలేస్తుంది తప్ప గౌరవం అనిపించదు. సారీలు మూడు సార్లు చెప్పడమూ అంతే. గౌరవం ముందుగా చెప్పడంలో ఉంది, పని అప్పగించడంలో ఉంది, చివర్లో "మీకు ఓకే అయితే" అనడంలో ఉంది.

ఆమె సంగతి వేరు. అక్కడ చాట్ పనికిరాదు. ఆ ఆఫీసులో పెద్దాయన మధ్యాహ్నం భోంచేసి, మళ్ళీ ఫైలు తెరవక ముందు ఒక పావుగంట తీరిగ్గా ఉంటారు. ఆ టైమ్‌లో ఎదురుగా నిలబడి చెప్పాలి:

"సర్, 22 గురువారం ఒక్క రోజు సెలవు కావాలి. మా బాబుకి స్కూల్ అడ్మిషన్, ఇద్దరూ రావాలన్నారు. మొదట 20 ఇచ్చారు సర్, 3బీలు ఉన్నాయని నేనే మార్పించుకున్నాను. 20 సాయంత్రానికి నా క్లయింట్లవి అన్నీ ఫైల్ అయిపోతాయి, మిగిలినవేమైనా ఉంటే బుధవారం చూసేస్తాను."

తేదీ మార్పించుకున్న విషయం ఇక్కడ చెప్పడం గొప్పలు పోవడం కాదు. ఆఫీసు పని గురించి ఆలోచించి అడుగుతున్నారని ఆయనకు తెలియాలి. ఆయన సరేనన్నాక ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: "సర్, మధ్యాహ్నం చెప్పినట్టు 22 గురువారం సెలవు తీసుకుంటున్నాను." పదో రోజుకి ఆయన మర్చిపోతారు. అప్పుడు ఆ మెసేజే ఆధారం.

జవాబు రాకపోతే, కాదంటే

మేనేజర్ చాట్‌లో బొటనవేలి గుర్తు పెట్టి, పోర్టల్‌లో అప్రూవ్ చేయడం మర్చిపోవడం మామూలే. 19న ఆఫీసుకి రాగానే పోర్టల్ చూడండి. ఇంకా పెండింగ్ అని ఉంటే ఒక వాక్యంతో గుర్తు చేయండి. ఆయనే సెలవులో ఉంటే మీ అభ్యర్థన ఎవరికి వెళ్తుందో హెచ్ఆర్‌ని అడగండి. పెండింగ్‌లో ఉన్న సెలవు తీసుకుంటే నెలాఖరుకి అది జీతం కోతగా కనిపించే ప్రమాదం ఉంది. తర్వాత సరిచేయించుకోవచ్చు కానీ దానికి నాలుగు మెయిళ్ళు పడతాయి.

కాదంటే "ఎందుకు" అని అడగకండి, "ఆ రోజు ఏ పని ఆగుతుంది" అని అడగండి. మొదటిదానికి జవాబు వాదన అవుతుంది, రెండోదానికి జవాబు ఒక పని పేరు. గురువారం మూడింటికి క్లయింట్ కాల్ ఉందనుకోండి, ఆ ఒక్క కాల్‌కి ఇంటి నుంచి చేరతానని చెప్పొచ్చు. రోజంతా సెలవు పెట్టి కాల్‌లో కూర్చోవడం అన్యాయమే, కానీ మూడింటికల్లా మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి అప్పుడు పూట సెలవుకి మార్చేయమని కూడా అడగొచ్చు.

ప్రొబేషన్‌లోనో నోటీస్ పీరియడ్‌లోనో ఉంటే సెలవులు మిగిలి ఉన్నా ఇవ్వని కంపెనీలు ఉన్నాయి. అప్పుడు జీతం కోతకి సిద్ధమని మీరే ముందు చెప్పండి. నోటీస్‌లో ఉన్నవాళ్ళు ఆ ఒక్క రోజు వల్ల రిలీవింగ్ తేదీ ఆలస్యమవుతుందేమో హెచ్ఆర్ దగ్గర రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. కొత్త కంపెనీలో చేరే తేదీ దానికి ముడిపడి ఉంటుంది.

ఎక్కడైనా రుజువు అడిగితే స్కూల్ పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ చాలు. తేదీ, టైమ్ కనిపిస్తే సరిపోతుంది, పిల్లవాడి పేరూ అప్లికేషన్ నంబరూ చెరిపేసి పంపండి.

బుధవారం సాయంత్రం, గురువారం

బుధవారం ఆఫీసు నుంచి లేచే ముందు మీ పని చూసే మనిషికి మూడు నాలుగు వరసలు రాసివ్వండి: ఏది నడుస్తోంది, ఏది ఆగి ఉంది, ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి. టీమ్ క్యాలెండర్‌లో "లీవ్" అని మాత్రమే పెట్టండి. మెయిల్‌కి ఆటో రిప్లై పెడితే అందులో కూడా కారణం అక్కర్లేదు.

గురువారం స్కూల్ గేటు దాటాక ఫోన్ సైలెంట్‌లో పెట్టేయండి. బయటికొచ్చే ముందు కౌంటర్ దగ్గర కొన్ని ప్రశ్నలు అడగండి. ఫలితం ఎప్పుడు, ఎలా చెప్తారు? సీటు వస్తే ఫీజు కట్టడానికి గడువెంత, ఆన్‌లైన్‌లో కట్టొచ్చా, ఒరిజినల్ కాగితాలు చూపించడానికి మళ్ళీ ఇద్దరూ రావాలా? ఈ జవాబులు అప్పుడే తెలుసుకోకపోతే వారం తిరక్కుండా ఇంకో సెలవు అడగాల్సి వస్తుంది. ఒక్కరు చాలంటే శనివారం ఉదయం ఎవరో ఒకరు వెళ్ళి రావచ్చు. ఇద్దరూ మళ్ళీ పనిరోజే రావాలంటే ఆ సంగతి శుక్రవారం ఆఫీసుకి వెళ్ళగానే, తేదీ ఖాయం కాకపోయినా సరే, ఇద్దరు బాస్‌లకీ చెవిన వేసి ఉంచండి.